పన్ను పీకించుకునే ముందు ఒక్క మాత్ర

రుమాటిక్ జ్వరం నా గుండెలోని మైట్రల్ వాల్వును చిన్నప్పుడే పాడుచేసింది. మొదట గొంతు నొప్పి, తర్వాత కీళ్ల వాపులు, ఎదిగే పిల్లకి ఒళ్లునొప్పులు మామూలేనని ఇంట్లోవాళ్లు అనడం. ఈ జబ్బు పడ్డవాళ్లకి ఈ వరస బాగా తెలుసు. అప్పట్నుంచి 21 రోజులకోసారి తుంటికి పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటూనే పెరిగాను. రెండో కాన్పు తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చివరికి ఆరోగ్యశ్రీ కింద హైదరాబాదులో మెటల్ వాల్వు వేశారు.

ఆపరేషన్‌కి ముందు ఒకసారి పళ్లు క్లీనింగ్ చేయించుకున్నప్పుడు ఏ యాంటిబయాటిక్కూ ఇవ్వలేదు. అప్పటికి అదే సరైన పద్ధతి. సొంత వాల్వు పాడైనంత మాత్రాన పళ్ల పనికి ముందు మందు అక్కర్లేదని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ మందు అవసరమైనవాళ్ల జాబితా కుదించింది. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు, వాల్వుకి ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల్లో కొన్ని రకాలవాళ్లు, ఇలాంటి కొద్దిమందే అందులో మిగిలారు. వాల్వు మార్చిన రోజునే నేను ఆ జాబితాలోకి వచ్చాను. చిగురు తెగినప్పుడు నోటి సూక్ష్మజీవులు రక్తంలోకి వస్తాయి. మామూలు మనిషికి కాసేపట్లో అవి పోతాయి. మెటల్ వాల్వు మీద అంటుకుంటే మాత్రం వారాల తరబడి నరానికి ఇంజెక్షన్లు, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్.

కింది దవడ పన్ను పుచ్చి, చీము పట్టి, తీసేయక తప్పని పరిస్థితి వచ్చింది. పళ్ల డాక్టరు నా ఫైలు చూసి, "పెనిసిలిన్ పడుతూనే ఉంది కదమ్మా, ముందు వేరే ఏమీ అక్కర్లేదు" అని, పన్ను తీశాక వాడమని అయిదు రోజులకి అమాక్సిసిలిన్ రాశారు. ఎందుకో మనసొప్పక, మా ఆయన చేత ఆ చీటీ ఫోటో తీయించి హార్ట్ డాక్టరు గారికి పంపాను.

ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఆ ఇంజెక్షన్ రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా వేసేదమ్మా. రక్తంలో మందు చాలా కొద్దిగా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని తట్టుకుని మీ నోట్లో మిగిలినవి దానికి అలవాటు పడ్డ క్రిములే. అమాక్సిసిలిన్ కూడా అదే జాతి మందు" అన్నారు. మామూలుగా అయితే అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి, పనికి అరగంట నుంచి గంట ముందు మింగిస్తారట. నాకు మాత్రం ఈసీజీ చూసి అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి రాశారు. చిగురు తెగే సమయానికి మందు రక్తంలో ఉండాలి, అదీ లెక్క. తర్వాత అయిదు రోజులు మింగే కోర్సు దీని పని చేయదు.

నాకు అంతకంటే పెద్ద టెన్షన్ రక్తం పలచబడే మాత్ర గురించి. ఆపేస్తారేమో అనుకున్నా. ఆపితే వాల్వులో గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువని, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ముందు రోజు చేయించమన్నారు. 3.5 లోపే ఉంది, పన్ను తీయడానికి ఇబ్బంది లేదు. పన్ను తీశాక రక్తం కారడం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డ అదిమి పెట్టి, కుట్లు వేశారు. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. పళ్ల డాక్టర్లు అలవాటుగా రాసే డైక్లోఫెనాక్ రకం మందులు పలచబడే మాత్రతో కలిస్తే రక్తస్రావం.

గాయం మానింది కానీ, తర్వాత కొన్నాళ్లకి చలిజ్వరం పట్టుకుంది. మా వీధి ఆర్ఎంపీ సూది పట్టుకుని సిద్ధమయ్యాడు. హార్ట్ డాక్టరు గారు ముందే మాకు గట్టిగా చెప్పి ఉంచారు: కారణం తెలియని జ్వరం వస్తే, యాంటిబయాటిక్ ఒక్క మోతాదు పడకముందే రక్తం కల్చర్‌కి పంపాలని. ముందే మందు పడితే క్రిమి పరీక్షలో పెరగదు, వాల్వుకి పట్టిందో లేదో తేలదు. ముందు వేసుకున్న మాత్ర కూడా పూర్తి భరోసా కాదట. ఆసుపత్రిలో వేర్వేరు నరాల నుంచి మూడుసార్లు రక్తం తీశారు, ఎకో చేశారు. కల్చర్లో ఏమీ పెరగలేదు, వాల్వు బాగానే కదులుతోంది. జ్వరం దానంతట అదే తగ్గింది. ఏదో వైరల్ అన్నారు.

రోజూ బ్రష్ చేసినా కొద్దిగా సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్తాయని, చిగుళ్లు వాచి ఉంటే మరీ ఎక్కువని అప్పుడే విన్నాను. అందుకే ఆర్నెల్లకోసారి క్లీనింగ్ మానను, ప్రతిసారీ ముందు మాత్ర వేసుకుంటాను. ఖాళీ అయిన చోట తీసి పెట్టుకునే పన్ను కట్టించుకున్నాను. దాని కొలతలకి మాత్రం మాత్ర అక్కర్లేదన్నారు, చిగురు తెగే పని కాదు కాబట్టి.