ఆటో అంచున పసుపు మసక

మాదాపూర్‌లో ముగ్గురం కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. ట్యాంక్‌బండ్ మీద ఆటో పోతుంటుంది, కెమెరా దాని పక్కనే అదే వేగంతో సాగుతుంది. వేగం కళ్లకు కట్టాలంటే, కదిలేవి కదిలిన మేరకు చెరిగినట్టు చూపే మోషన్ బ్లర్ కావాలి. ఆ పని నాకు వచ్చింది.

మొదట తేలికైన దారి పట్టాను. ప్రతి పిక్సెల్‌కీ డెప్త్, అంటే కెమెరా నుంచి దూరం, తెలుసు కాబట్టి, అది లోకంలో ఎక్కడుందో లెక్కగట్టి, అదే చోటు కిందటి ఫ్రేమ్‌లో తెరమీద ఎక్కడ పడిందో చూస్తే వేగం వచ్చేస్తుంది.

```
vec4 p = prevViewProj * vec4(worldPos, 1.0);
vec2 v = (ndc.xy - p.xy / p.w) * 0.5;
```

ఆటోను ఆపి ఉంచి కెమెరాను తిప్పి చూస్తే చాలా బాగుంది. ఆటోను నడిపించగానే చెడింది. వెనకున్న ట్యాంక్‌బండ్ రెయిలింగ్ కన్నా ఆటోయే ఎక్కువ చెరిగిపోయింది!

కాగితం మీద లెక్క వేశాను. గంటకు 40 కిలోమీటర్లంటే, సెకనుకు 60 ఫ్రేముల దగ్గర, ఒక్కో ఫ్రేముకు 18.5 సెంటీమీటర్లు. మాది 1920 పిక్సెళ్ల వెడల్పు, 90 డిగ్రీల చూపు. షటర్ సగం ఫ్రేమ్ సేపు తెరిచి ఉందనుకుంటే 8 మీటర్ల దూరంలోని రెయిలింగ్ 11 పిక్సెళ్లు చెరగాలి. ఆటో మాత్రం కెమెరాతోనే కదులుతోంది, దానికి సున్నా రావాలి. కానీ ఈ పద్ధతి లోకంలో ఏదీ కదలదనే అనుకుంటుంది. 4 మీటర్ల దూరంలో ఉన్న ఆటో కూడా ఆగి ఉందనుకుని దానికి 22 పిక్సెళ్లు ఇచ్చింది.

ఆటోకు మాస్క్ వేసి బ్లర్ ఆపేశాను. ఆటో స్పష్టంగా వచ్చింది కానీ దాని చుట్టూ పసుపు మసక పట్టుకుంది. జూమ్ చేసి చూస్తే ముందు అద్దం పక్కన సరిగ్గా అయిదారు పిక్సెళ్ల మేర ఉంది. కారణం అక్కడే తెలిసింది. రెయిలింగ్ పిక్సెల్ తన వేగం వెంట అటూ ఇటూ అయిదున్నర పిక్సెళ్ల దాకా రంగులు పోగేసుకుంటుంది. అంచు దగ్గర ఉన్నదానికి ఆ రంగుల్లో ఆటో పసుపు కూడా పడుతుంది. మాస్క్ ఆటో పిక్సెళ్లను కాపాడింది గానీ, పక్కవాళ్లు వచ్చి వాటి రంగు తీసుకుపోవడాన్ని ఆపలేదు.

అందుకని మాస్క్ తీసేసి వెలాసిటీ బఫర్ పెట్టాను. ప్రతి వస్తువుకీ కిందటి ఫ్రేమ్ మాత్రిక దాచిపెట్టి, దాని అసలు వేగాన్ని వేరే టెక్స్చర్‌లో రాయడమే. ఇప్పుడు ఆటోకు సున్నా వచ్చింది. బ్లర్ చేసేటప్పుడు, రంగు తెచ్చుకునే చోట ఉన్నది నాకన్నా ముందుండి, కదలకుండా ఉంటే దాన్ని వదిలేయమన్నాను. పసుపు పోయింది.

ఇంకో తప్పు ఎదురుగా వచ్చే కారు బయటపెట్టింది. అది 6 మీటర్ల దూరంలో, మాతో పోలిస్తే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దాటుతుంది, అంటే దాదాపు 30 పిక్సెళ్ల చెరుపు. లోపలంతా చెరిగింది, బయటి అంచు మాత్రం కత్తెరతో కోసినట్టు నిలిచింది. “కారు అద్దంలో పెట్టినట్టుంది అన్నా” అన్నాడు మా తమ్ముడు. అంచు బయటి పిక్సెల్ తన చిన్న వేగం మేరకే వెతుకుతుంది. పదిహేను పిక్సెళ్ల దూరం నుంచి తన మీదికి కారు రంగు రావాలని దానికి తెలియదు.

2012లో గ్రాఫిక్స్ పరిశోధకుడు మోర్గన్ మెక్‌గ్వయర్ బృందం ప్రచురించిన పద్ధతిలో దీనికి జవాబుంది. తెరను 20 పిక్సెళ్ల గళ్లుగా చేసి, ఒక్కో గడిలో అన్నిటికన్నా పెద్ద వేగం తీసుకుని, చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లతోనూ పోల్చాలి. గెలిచిన వేగం వెంట ఆ గడిలోని పిక్సెళ్లన్నీ వెతుకుతాయి. ముందున్నదాని చెరుపు నా దాకా వచ్చేంత పొడవుంటేనే దాని రంగు కలుపుకుంటాను. కారు అంచు అప్పుడు మెత్తబడింది.

అంచు లోపలివైపు మాత్రం ఇది ఊహే. చెరిగిన అంచు గుండా వెనకున్నది కనిపించాలి, కానీ ఆ వెనక ఏముందో ఒకే ఫ్రేమ్‌లో దొరకదు. పక్కనున్న బ్యాక్‌గ్రౌండ్ రంగే తెచ్చి నింపుతాం. రెయిలింగ్ ఊచలు ఒకేలా ఉంటాయి కాబట్టి కంటికి ఆనదు. అక్షరాలున్న బోర్డు ముందు కారు దాటితే మాత్రం అక్షరం రెండుగా కనిపిస్తోంది. గేమ్‌లో ఆ బోర్డును పక్కకు జరిపాం.

ఆటో చక్రానికి ఇదేదీ పనిచేయలేదు. సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న చక్రం ఆ వేగానికి ఫ్రేముకు 53 డిగ్రీలు తిరుగుతుంది. మన బ్లర్ సరళరేఖల్లోనే పోతుంది కాబట్టి చక్రం అంచు దాటి బయటికి గీతలు వచ్చాయి. చివరికి చక్రానికి వేగం సున్నా అని రాసి, గుండ్రంగా ముందే చెరిపిన టెక్స్చర్‌ను వేగం పెరిగేకొద్దీ కలుపుతున్నాను.