డిజాక్సిన్ ప్రశ్నలు: 60 ఒక్కటే గుర్తుంటే సరిపోదు

స్టాఫ్ నర్స్ పరీక్షకు చదివేవాళ్లందరికీ డిజాక్సిన్ అనగానే ఒకటే గుర్తొస్తుంది: పల్స్ 60 కంటే తక్కువుంటే మాత్ర ఇవ్వకూడదు. నేనూ మొదట అంతే చదివాను. కానీ ప్రశ్నలు సాల్వ్ చేస్తుంటే, వాళ్లు ఆ నంబర్‌ను అడగడం తక్కువ, దాని చుట్టూ తిప్పడం ఎక్కువ అని అర్థమైంది.

అందుకే ముందు ఆ మందు ఏం చేస్తుందో చూశాను. గుండె కండరం గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, అదే సమయంలో పై గదుల నుంచి కింది గదులకు సిగ్నల్ వెళ్లే ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేస్తుంది. అంటే పల్స్ తగ్గడం మందు పనిలో భాగమే. మరీ తగ్గితే మాత్రం మందు ఒంట్లో ఎక్కువైందేమో, ఏవీ నోడ్ దగ్గర సిగ్నల్ ఆగిపోతోందేమో అని అనుమానించాలి.

ఒక కేసు తీసుకుందాం. 70 ఏళ్ల పెద్దాయన, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, హార్ట్ ఫెయిల్యూర్. రోజూ డిజాక్సిన్, ఫ్యూరోసెమైడ్ వేసుకుంటున్నారు. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు, వాంతులు అవుతున్నాయి, లైట్ల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయంటున్నారు. మణికట్టు దగ్గర పల్స్ 48. నర్సు మొదట ఏం చేయాలి?

ఆప్షన్లలో ‘డాక్టర్‌కు చెప్పాలి’ కనిపించగానే టిక్ పెట్టేయాలనిపిస్తుంది. అంతకుముందు స్టెతస్కోప్‌తో అపికల్ పల్స్ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కొన్ని బీట్లు మణికట్టు దాకా రావు. పైగా లయ తప్పి ఉంటుంది కాబట్టి 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడ అపికల్ 52 వచ్చిందనుకోండి. ఆ డోస్ ఆపి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఈసీజీ, పొటాషియం, డిజాక్సిన్ లెవల్ చూస్తారు. ఇంకొకటి: ఎప్పుడూ అస్తవ్యస్తంగా ఉండే ఈయన పల్స్ ఇప్పుడు నెమ్మదిగా, క్రమంగా కొడుతుంటే నయమైందని సంతోషించకండి. అది పూర్తి హార్ట్ బ్లాక్ కావచ్చు.

పొటాషియం ఎందుకంటే, ఫ్యూరోసెమైడ్ దాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది, వాంతులతో ఇంకా తగ్గుతుంది. కణం మీదున్న ఒకే పంపు దగ్గర డిజాక్సిన్, పొటాషియం రెండూ పోటీ పడతాయి. పొటాషియం తగ్గితే డిజాక్సిన్‌కు ఎక్కువ చోటు దొరుకుతుంది. అందుకే లెవల్ రిపోర్ట్ మామూలుగా ఉన్నా విషలక్షణాలు రావచ్చు. ఆ శాంపిల్ కూడా చివరి డోస్ తర్వాత కనీసం 6 గంటలకు తీయాలి, లేకపోతే అంకె పెరిగి కనిపిస్తుంది.

60 పెద్దవాళ్లకే. చంటిపిల్లలకు 90 ఉన్నా తక్కువే, కాబట్టి ప్రశ్నలో వయసు చూడకుండా జవాబు పెట్టకండి. పల్స్ 78 ఉంది, వాంతులు, చూపులో పసుపు కూడా ఉన్నాయి అని ఇస్తే? అప్పుడూ డోస్ ఆపి డాక్టర్‌కు చెప్పాల్సిందే. డిజాక్సిన్ ఎక్కువైతే గుండె నెమ్మదించడమే కాదు, అదనపు బీట్లు కూడా రావచ్చు.