మెట్ల లైటుకి స్మార్ట్ రిలే: పాత టూవే స్విచ్‌లు రెండూ అలాగే ఉంచి

గుంటూరులో మాది కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న ఇల్లు. మెట్ల లైటుకి కింద గుమ్మం పక్కన ఒక స్విచ్, పైన వరండాలో ఒకటి ఉన్నాయి. కింద మేమూ, పైన అద్దెకున్నవాళ్లూ వాడే లైటు కాబట్టి ఎవరో ఒకరు వేసి మర్చిపోతే రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. పొద్దుగూకగానే అది దానంతటదే వెలగాలి, రాత్రి 11కి ఆరిపోవాలి. అయితే అమ్మ ఫోనులో యాప్ తెరవదు. ఆవిడకి గోడమీది స్విచ్‌లు రెండూ ఇదివరకటిలాగే పనిచేయాలి, వైఫై లేకపోయినా పనిచేయాలి. ఈ షరతుతోనే పని మొదలుపెట్టాను.

తీసుకున్నది షెల్లీ 1పీఎం మినీ అనే స్మార్ట్ రిలే, అంటే స్విచ్ బోర్డు లోపల పట్టే, వైఫైతోనూ నడిపించగల చిన్న స్విచ్. మెట్ల లైటు 9 వాట్ల ఎల్ఈడీ, రిలే 8 ఆంపియర్లది, కాబట్టి లోడు గురించి ఆలోచించే పనే లేదు. ఆలోచించాల్సింది దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే.

పాత వైరింగ్ ఎలా ఉందో తేల్చుకోవడం

మామూలు టూవే వైరింగులో ఫేజ్ కింది స్విచ్ కామన్‌కి, అంటే పక్కనున్న రెండు టెర్మినళ్లలో ఏదో ఒకదానికి కలిసే టెర్మినల్‌కి, వస్తుంది. అక్కడి నుంచి రెండు వైర్లు గోడలో పైపులోంచి పై స్విచ్‌కి వెళ్తాయి, వాటిని ఇక్కడ జంట వైర్లు అంటాను. పై స్విచ్ కామన్ నుంచి ఒక వైరు బల్బుకి వెళ్తుంది. బల్బు రెండో కొసకి న్యూట్రల్ నేరుగా వస్తుంది. రెండు స్విచ్‌లూ ఒకే జంట వైరు మీద ఉంటే లైటు వెలుగుతుంది, వేర్వేరు వైర్ల మీద ఉంటే ఆరుతుంది.

కొన్ని పాత ఇళ్లలో ఇలా ఉండదు. వైరు కలిసొస్తుందని ప్రతి స్విచ్‌కీ ఫేజూ న్యూట్రలూ రెండూ ఇచ్చి, రెండు కామన్ల మధ్య బల్బు కట్టేస్తారు. లైటు ఆరి ఉన్నప్పుడు కూడా హోల్డర్ రెండు పిన్నుల్లోనూ ఫేజ్ ఉండే అవకాశం ఉన్న పద్ధతి అది. అలాంటి వైరింగు మీద రిలే పెట్టకూడదు, ముందు దాన్ని సరిచేయించాలి. తేడా తెలుసుకోవడం తేలికే. పై స్విచ్ పక్క టెర్మినళ్లు రెండింటిలో ఏది ఫేజో చూసి, కింది స్విచ్ మార్చి మళ్లీ చూడాలి. ఫేజ్ ఒక టెర్మినల్ నుంచి రెండోదానికి మారితే మామూలు వైరింగు. ఎప్పుడూ ఒకదాని మీదే ఉంటే రెండో రకం. మా ఇంట్లో మారింది.

ఈ పరీక్షకి స్క్రూడ్రైవర్ టెస్టర్ సరిపోదు. మా బోర్డులో దాన్ని ఏ జంట వైరుకి తాకించినా వెలిగింది, ఒకదానికి ప్రకాశంగా, రెండోదానికి మసకగా. హోల్డరుకి రెండు వైర్లు కట్టి, 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి న్యూట్రల్‌తో కలిపి చూస్తే ఒక్క వైరే దాన్ని వెలిగించింది. ఆ మసక వెలుగుని మాత్రం గుర్తు పెట్టుకోండి, ఈ పనిలో అసలు చిక్కంతా దానిదే.

రిలే పై బోర్డులోనే ఎందుకు

రిలేకి నాలుగు కావాలి: ఎప్పుడూ ఉండే ఫేజ్, న్యూట్రల్, స్విచ్ నుంచి సంకేతం, బల్బుకి వెళ్లే వైరు. పాత స్విచ్‌ల జోడీ నుంచి ఫలితం బయటికొచ్చేది పై కామన్ దగ్గరే. బల్బు వైరు మొదలయ్యేదీ అక్కడే. కాబట్టి రిలేని పై బోర్డులో పెడితే గోడలో ఒక్క వైరు కూడా కొత్తగా లాగనక్కర్లేదు. పై కామన్ నుంచి బల్బు వైరుని ఊడదీసి రిలే `O` టెర్మినల్‌కి ఇవ్వాలి. ఖాళీ అయిన కామన్ నుంచి చిన్న ముక్క వైరు `SW`కి వేయాలి. జంట వైర్లనీ, కింది బోర్డునీ కదపనే అక్కర్లేదు.

`L`, `N` ఎక్కడి నుంచి తీసుకున్నామన్నది ముఖ్యం. పై బోర్డులో నాకు రెండు ఫేజులు కనిపించాయి. ఒకటి సాకెట్‌ది, ఇంకోటి డాబా లైటుది. మెట్ల లైటు ఎంసీబీ దించితే డాబా లైటు కూడా పోయింది, సాకెట్‌లో మాత్రం కరెంటు అలాగే ఉంది. అంటే డాబా లైటు వైరే మెట్ల లైటుతో ఒకే లైనులో ఉంది, రెండూ ఇన్వర్టర్ మీదివి. దాని ఫేజూ, దాని న్యూట్రలూ మాత్రమే వాడాను. త్రీఫేజ్ ఉన్న ఇంట్లో సాకెట్ వేరే ఫేజు మీద ఉండొచ్చు. అప్పుడు కింది నుంచి వచ్చే సంకేతానికీ రిలే `L`కీ మధ్య 400 వోల్టులుంటాయి, రిలే బతకదు. న్యూట్రల్ వేరే లైనుది కలిపితే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది.

పై బోర్డులో శాశ్వత ఫేజ్ లేనివాళ్లు జంట వైర్లలో ఒకదాన్ని ఫేజుగా, రెండోదాన్ని కింది స్విచ్ సంకేతంగా వాడొచ్చు. అప్పుడు రెండు స్విచ్‌లూ సమాంతరంగా ఒకే `SW` మీదికొస్తాయి. ఒకటి వేసి ఉంటే రెండోదాన్ని ఎంత నొక్కినా రిలేకి తెలియదు. కాబట్టి రెండింటినీ బెల్ స్విచ్‌లుగా మార్చక తప్పదు. ఇలా చేసినా పై బోర్డులో అదే లైను న్యూట్రల్ ఉండి తీరాలి.

వైర్లు కలిపిన రోజు

మెయిన్ దించితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, లైటు లైనులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఇన్వర్టర్‌ని ఆపి, మెట్ల లైటు ఎంసీబీ దించి, టెస్ట్ బల్బుతో ప్రతి టెర్మినల్నీ చూశాకే చెయ్యి పెట్టాను. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న పక్కనే ఉన్నాడు. మీకు ఈ పని అలవాటు లేకపోతే కలపడం ఆయనలాంటివాళ్లకే వదిలేయండి.

స్విచ్ ఊడదీసే ముందు ఫొటో తీసి, ప్రతి వైరుకీ పేపర్ టేపు మీద పేరు రాసి అంటించాను. మా మాడ్యులర్ స్విచ్‌లలో మధ్య టెర్మినలే కామన్. కానీ అన్ని కంపెనీలవీ అలాగే ఉంటాయని అనుకోకుండా మీటరుతో చూసుకోవాలి. రిలే చిన్నదే అయినా బాక్సులో పాత వైర్ల పొడవు ఎక్కువగా ఉండి మూత పడలేదు. వైర్లు కొంచెం కత్తిరించి, స్విచ్ వెనక కాకుండా ఖాళీ మాడ్యూలు వెనక పెట్టాను. ఇనుప బాక్సే అయినా ముందు ప్లేటు ప్లాస్టిక్ కాబట్టి వైఫై అందింది.

సెట్టింగుల్లో తప్పక మార్చాల్సింది ఒకటుంది. రిలే స్విచ్ స్థితిని అనుసరించే పద్ధతిలో ఉంటే, యాప్‌తో లైటు ఆపినా స్విచ్‌లు మాత్రం ఇంకా "వేసి ఉన్న" స్థితిలోనే ఉంటాయి. అప్పుడు లైటు వేయాలంటే రెండుసార్లు నొక్కాలి. మనకి కావాల్సింది ఏ స్విచ్ ఎటు మారినా లైటు తిరగబడటం. అదే `flip`. రిలే సొంత వైఫైకి ఫోను కలిపి బ్రౌజరులో ఈ లైను కొట్టాను:

```
http://192.168.33.1/rpc/Switch.SetConfig?id=0&config={"in_mode":"flip","initial_state":"restore_last"}
```

`restore_last` వల్ల కరెంటు పోయి వచ్చాక లైటు పాత స్థితికే వస్తుంది. ఈ తిరగబడటమంతా రిలే లోపలే జరుగుతుంది. రౌటర్ ఆపేసి చూశాను, స్విచ్‌లు రెండూ ఎప్పటిలాగే పనిచేశాయి.

"పైన నొక్కితే వెలగట్లేదురా"

మర్నాడు సాయంత్రం అమ్మ అన్న మాట ఇది. నిజమే. ఒకసారి నొక్కితే పనిచేస్తోంది, మరోసారి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కింది స్విచ్‌దీ అదే కథ. స్విచ్‌లు పాడయ్యాయా అనిపిస్తుంది కానీ, రిలేకి ఏం కనిపిస్తోందో దాన్నే అడగొచ్చు. ఇంటి వైఫైలో మా రిలే అడ్రసుతో:

```
http://192.168.1.50/rpc/Input.GetStatus?id=0
```

స్విచ్‌లు రెండూ వేర్వేరు జంట వైర్ల మీద ఉన్నప్పుడు, అంటే సంకేతం లేనప్పుడు, `"state":false` అని రావాలి. నాకు ఎక్కువసార్లు `"state":true` వచ్చింది. `SW`కీ న్యూట్రల్‌కీ మధ్య మీటరు పెడితే 90 వోల్టుల దగ్గర చూపించింది. టెస్ట్ బల్బు పెడితే వెలగలేదు.

కారణం గోడలో ఉంది. సంకేతం లేని స్థితిలో `SW` వైరు పై స్విచ్ ద్వారా ఒక జంట వైరుకి కలిసి ఉంటుంది, ఆ వైరు రెండో కొస కింద గాల్లో ఉంటుంది. దాని పక్కనే, అదే పైపులో, ఫేజ్ ఉన్న రెండో జంట వైరు దాదాపు 8 మీటర్లు ఒరుసుకుంటూ నడుస్తుంది. పక్కపక్కన నడిచే రెండు వైర్లు చిన్న కెపాసిటర్ లాంటివి. వాటి మధ్య దూకే కరెంటు మైక్రో ఆంపియర్లలోనే ఉంటుంది. బల్బుని వెలిగించలేదు గానీ, టెస్టర్‌నీ, అతి తక్కువ కరెంటుతో పనిచేసే రిలే ఇన్‌పుట్‌నీ మోసం చేయగలదు. మొదట టెస్టర్‌లో కనిపించిన మసక వెలుగు ఇదే. ఇన్నాళ్లూ లైటు ఆపాక కూడా మెట్ల ఎల్ఈడీ సన్నగా మినుకుమినుకుమనడానికి కారణమూ ఇదే. రిలే పెట్టాక ఆ మినుకు పూర్తిగా పోయింది, ఎందుకంటే బల్బు వైరు ఇప్పుడు జంట వైర్లకి కలవడం లేదు. ఆ దొంగ కరెంటు బల్బుని వదిలి `SW`కి చేరింది, అంతే.

మందు కూడా తేలికైనదే. ఆ కొద్ది కరెంటు న్యూట్రల్‌కి జారిపోయే దారి ఇవ్వాలి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్ రెసిస్టర్ వరుసగా ఉండే ఆర్‌సీ స్నబ్బర్‌ని `SW`కీ `N`కీ మధ్య కట్టాను. 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు సుమారు 32 వేల ఓమ్‌లు. ఎనిమిది మీటర్ల జంట వైర్ల మధ్య అడ్డు లక్షల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి దొంగ వోల్టేజీ నిలబడలేదు. మీటరు 2 వోల్టులకి దిగింది. అసలు ఫేజ్ వచ్చినప్పుడు మాత్రం 230 అలాగే ఉంటుంది. అప్పటి నుంచి ఒక్క నొక్కు కూడా వృథా కాలేదు.

కొనేటప్పుడు కెపాసిటర్ మీద `X2` అనీ, 275 వోల్ట్ ఏసీ లేదా అంతకంటే ఎక్కువ అనీ ఉందో లేదో చూడాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య గంటల తరబడి ఉండాల్సిన పార్టు కాబట్టి డబ్బాలో దొరికిన మామూలు కెపాసిటర్ పెడితే ఏదో ఒకరోజు షార్టై కాలుతుంది. ఇంకోటి, మా ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ స్నబ్బర్‌లోని అర వాట్ రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది. అక్కడ ఈ మందు వాడకూడదు.

ఇప్పుడున్న స్థితి

సూర్యాస్తమయానికి వెలగమనీ, 11కి ఆరమనీ షెడ్యూలు పెట్టాను. ఆ తర్వాత ఎవరైనా వేసి మర్చిపోతారని 1కీ, 3కీ ఇంకోసారి ఆపమన్నాను. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రిలే అప్పుడప్పుడు రీస్టార్ట్ అవుతోంది. ఆ కొద్ది సెకన్లలో నొక్కిన నొక్కు లెక్కలోకి రాదు, మళ్లీ నొక్కితే సరిపోతుంది. పై వాటా అక్కకీ అమ్మకీ ఈ సంగతి చెప్పి ఉంచాను.

వైరింగు బొమ్మ గీసి పై బోర్డు ప్లేటు లోపలివైపు అంటించాను, రేపు వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి తెరిస్తే కామన్ నుంచి వైరు బల్బుకి కాకుండా రిలేకి ఎందుకు వెళ్తోందో తెలియాలి కదా. వచ్చే నెల ఒకసారి ఎంసీబీ దించి, ఇన్వర్టర్ ఆపి, టెర్మినల్ స్క్రూలు మళ్లీ బిగించి, స్నబ్బర్ రంగు మారిందేమో చూడాలి.