బోర్డు ఒక్కటే పాయకాపురంది

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపంతా నీళ్లు నిండిపోయాయి. మా పిన్ని వాళ్లుండేది పాయకాపురంలో. మేం హైదరాబాద్‌లో. కరెంటు పోయింది, ఫోన్లు కలవడం లేదు. అలాంటి సమయంలో మా కుటుంబం గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. రెండంతస్తుల ఇంటి బాల్కనీ దాకా నీళ్లున్నాయి, పక్కనున్న గోడ ఒరిగిపోయింది, ముందు ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలతో ‘పాయకాపురం’ అని ఉంది. అమ్మ ఏడుపు ఆపలేదు. మావయ్య ఎవరినో పట్టుకుని, ఆ బోర్డు ఉన్న చోటికే పడవ పంపించమని బతిమాలుతున్నాడు. ఆ ఇల్లు పిన్ని వాళ్లది కాదని నాకు తెలుసు, కానీ వాళ్ల వీధేమోనన్న భయం నాకూ ఉంది.

వచ్చే ఫొటోలు ఎక్కడివో చూడటం కొంతకాలంగా నాకు అలవాటు. అయినా ఆ రోజు నేను చేసిన మొదటి పని తప్పే. ఫొటో మొత్తాన్ని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. పాత ఫొటో అయితే దొరకాలి కదా, దొరకలేదంటే ఇది ఇవాళ్టిదే అనుకుని కాసేపు టెన్షన్ పడ్డాను. అది ఎంత తప్పు లెక్కో తర్వాత అర్థమైంది. ఫొటోలో ఒక పెద్ద వస్తువును కొత్తగా అతికిస్తే, వెతికే యంత్రానికి అది పాత ఫొటోలా కనిపించకపోవచ్చు.

ఆ తర్వాత ఎర్రర్ లెవెల్ ఎనాలిసిస్ చేసే ఒక ఉచిత సైటులో పెట్టాను. ఫొటోను మళ్లీ ఒకసారి కుదించి, ఏ భాగం ఎంత మారిందో వెలుతురుగా చూపించే పద్ధతి ఇది. బోర్డు తెల్లగా మెరిసింది. దొంగ దొరికాడనే అనుకున్నాను. అనుమానం తీరక, నా ఫోనులో నేనే తీసిన ఒక హైవే బోర్డు ఫొటోను తమ్ముడికి వాట్సాప్‌లో పంపి, తిరిగి తెప్పించుకుని అదే సైటులో పెట్టాను. ఆ బోర్డూ అలాగే మెరిసింది. ముదురు రంగు మీద తెల్లటి పదునైన అక్షరాలుంటే, ఎవరూ ఏమీ చేయకపోయినా ఆ పద్ధతిలో అవి వెలుగుతాయి. పైగా మామూలుగా పంపిన ప్రతి ఫొటోనూ వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది, దాంతో పాత అతుకుల జాడ చాలావరకు చెరిగిపోతుంది. ఆ మెరుపును చూపించి ‘ఇది ఫేక్’ అని తేల్చేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే అదే పద్ధతిలో నిజమైన ఫొటోను కూడా అబద్ధమని కొట్టిపారేయొచ్చు.

అప్పుడు యంత్రాలు పక్కన పెట్టి, ఫొటోను పెద్దది చేసి కళ్లతో చూడటం మొదలుపెట్టాను. ముందు నీళ్లు చూశాను. కదలని నీటిలో ఏ వస్తువు ప్రతిబింబమైనా సరిగ్గా దాని కిందే, నిట్టనిలువుగా పడాలి. బాల్కనీ కమ్మీలకు ఆ ప్రతిబింబం ఉంది, కరెంటు స్తంభానికీ ఉంది. వాటికన్నా ముందున్న బోర్డుకు మాత్రం లేదు. దాని కాళ్లు నీటిని తాకిన చోట చిన్న అల కూడా లేదు, కాగితం మీద గీత గీసినట్టు ఆగిపోయాయి. ఇక అక్షరాల సంగతి. ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఫొటో అంతా మసకబారి గళ్లుగళ్లుగా ఉంది. బోర్డు మీది ‘పాయకాపురం’ ఒక్కటే నిన్న అచ్చువేసినట్టు తేటగా ఉంది. బోర్డు కాస్త పక్కకు తిరిగి ఉన్నా, అక్షరాలు మాత్రం మనకు ఎదురుగా, తిన్నగా ఉన్నాయి.

సరే, అతికించారు. మరి అసలు ఫొటో ఎక్కడిది? బోర్డును కత్తిరించేసి, ఇల్లూ బాల్కనీ ఉన్న భాగాన్ని మాత్రమే వెతికాను. నాలుగో ప్రయత్నంలో దొరికింది. 2015 డిసెంబరు చెన్నై వరదల ఫొటో. దాన్ని పక్కన పెట్టుకుని మళ్లీ చూస్తే, మూలన సగం మునిగిన దుకాణం షట్టర్ మీద తమిళ అక్షరాలు మన ఫొటోలోనూ ఉన్నాయి! బోర్డు పెట్టినవాడు ఆ షట్టర్‌ను పట్టించుకోలేదు. నేనూ గంటసేపు పట్టించుకోలేదు. చూపు లాగడానికే పెట్టిన బోర్డు, నా చూపును కూడా అక్కడే కట్టేసింది. ఆ రోజు నుంచి ఏ ఫొటో వచ్చినా, ముందు బోర్డును వేలితో మూసి మిగతాది చూస్తాను.

మర్నాటికి ఇంకో ఫొటో వచ్చింది, ప్రకాశం బ్యారేజీ తెగిపోయిందని. ఆ రోజు కృష్ణలో నిజంగానే 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది, బోట్లు కొట్టుకొచ్చి గేట్లను గుద్దిన మాటా నిజమే. అందుకే అబద్ధం తేలిగ్గా అతుక్కుంది. ఇది అతికించింది కాదు, మొత్తం కంప్యూటర్ పుట్టించిన బొమ్మ. ఎదురుగా కొండ, కొండ మీద గోపురం చూడగానే ఎవరైనా ఇంద్రకీలాద్రి అనుకుంటారు. కానీ కొండ ఉన్నది ఉత్తరపు ఒడ్డున. కొండ ఎదురుగా కనిపిస్తోందంటే మనం సీతానగరం వైపు నిలబడి ఉత్తరానికి చూస్తున్నట్టు. కృష్ణ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది, అంటే నీళ్లు మన ఎడమ నుంచి కుడికి పోవాలి. బొమ్మలో కుడి నుంచి ఎడమకు దూకుతున్నాయి. ఎవరైనా ఫొటోను అద్దంలోలా తిప్పేశారేమోనని కూడా చూశాను. తిప్పి ఉంటే అక్షరాలూ తిరగబడేవి. అక్కడున్న బోర్డు మీద అక్షరాలు తిరగబడలేదు, అసలు అక్షరాలే కావు. తెలుగు వంపుల్లాంటి గీతలకు ఏ అక్షరానికీ లేని ఒత్తులు తగిలించి ఉన్నాయి. గేట్ల మధ్య స్తంభాలు ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉన్నాయి. బ్యారేజీ కట్టినవాళ్లు 70 గేట్లను అలా ఇష్టమొచ్చిన దూరంలో పెట్టరు.

ఇలాంటి బొమ్మల్లో అక్షరాల తప్పులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. వాటిని పుట్టించే ఏఐ ప్రోగ్రాములు తెలుగు కూడా ముందుకన్నా శుభ్రంగా రాస్తున్నాయి. అందుకని నేను అక్షరాలకన్నా నది ఎటు పారుతోంది, కొండ ఏ పక్కన ఉంది అన్నవే ముందు చూస్తున్నాను. ఊరు తెలియకపోతే మ్యాపు తెరిచి చూస్తాను. తప్పు ఒక్కటీ దొరకనంత మాత్రాన ఫొటో నిజమని మాత్రం చెప్పను.

ఫొటో ఫైలులో దాగి ఉండే, తీసిన చోటు చెప్పే జీపీఎస్ అంకెల గురించి తమ్ముడు అడిగాడు. కంప్యూటర్‌లో exiftool అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని ఈ కమాండ్ ఇస్తే చూడొచ్చు:

```
exiftool -gps:all photo.jpg
```

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదానికి ఏమీ రాదు, పంపేటప్పుడే అది తీసేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది. ఉన్నా అదే సాక్ష్యమని నమ్మలేం, ఎందుకంటే అదే ప్రోగ్రాంతో ఎవరైనా తమకు నచ్చిన ఊరి అంకెలు రాసేయొచ్చు.

మంగళవారం పిన్ని కొడుకు నంబరు కలిసింది. డాబా మీద ఉన్నామని, కింద అంతస్తు మునిగిందని చెప్పాడు. నేను వాడిని రెండు ఫొటోలు అడిగాను. ఒకటి రోడ్డు వైపు, రెండోది అదే చోట నిలబడి వెనక్కి తిరిగి. ఇలా రెండు వైపులా ఒకదానికొకటి సరిపోయేలా అల్లడం కష్టం. బోర్డులేమీ లేవు వాటిలో. రోడ్డు మలుపు, మలుపు దగ్గర ఒక చెట్టు, వెనక ఇంటి మీద రెండు నల్ల నీళ్ల ట్యాంకులు ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో ఆ మలుపూ ఆ ట్యాంకులూ ఎక్కడున్నాయో వెతికి, పిన్ను పెట్టి మావయ్యకు పంపాను. పడవ వాళ్లకు ఆయన ఈసారి ఆ పిన్నే ఇచ్చాడు.