వరుస తప్పిన రెండు పిన్నులు

నిన్న నల్లగొండలో మా తమ్ముడి కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్ పెట్టాను. ఆన్ అయింది కానీ రెండు 8 జీబీ ర్యామ్‌లలో ఒక్కటే కనిపించింది. రెండింటినీ మార్చి పెట్టినా అదే స్లాట్ పనిచేయలేదు. టెన్షన్‌తో ప్లగ్ తీసి, ప్రాసెసర్ ఎత్తి, అది కూర్చునే సాకెట్ మీద ఫోన్ టార్చ్ పక్కనుంచి వేశాను. 1700 పిన్నుల కొనలు వరుసగా మెరుస్తుంటే, ఒక మూల రెండు మాత్రం వరుస తప్పాయి.

అవి విరగలేదు, పక్కవాటికి తగలలేదు. విరిగి ఉంటే ముట్టుకోకుండా బోర్డు రిపేర్ చేసేవాళ్లకే ఇచ్చేవాణ్ణి. ఫోన్ జూమ్‌లో చూస్తూ, సన్న సూదితో, వంగిన దిక్కుకు ఎదురుగా వెంట్రుకవాసి చొప్పున జరిపాను. పక్క పిన్నుల ఎత్తుకు రాగానే ఆపేశాను, ఎందుకంటే అటూ ఇటూ వంచేకొద్దీ పిన్ను మొదలు దగ్గర విరుగుతుంది.

ఇప్పుడు 16 జీబీ చూపిస్తోంది. రాత్రికి మెమరీ టెస్ట్ పెట్టాను.