మాట కలపడం, ఆరో వారం: చిన్న సలహాతో మొదలుపెట్టడం

తిరుపతికి మారి ఏడాది దాటింది. రోజూ ఉదయం యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడుస్తాను. ఎదురయ్యేవి అవే ముఖాలు, కానీ ఒక్కరి పేరూ తెలియదు. అందుకే వారానికి ఇద్దరు కొత్తవాళ్లతో మాట్లాడాలని పెట్టుకుని, ఏం అడిగానో, మాట ఎంతసేపు సాగిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

మొదటి మూడు వారాలు "ఎక్కడుంటారు, ఏం చేస్తుంటారు" అని మొదలుపెట్టాను. జవాబులు వచ్చాయి గానీ, రెండో ప్రశ్నకే అవతలివాళ్లకు ఆరా తీస్తున్నట్టు అనిపించేది. నాలుగో వారం నుంచి పద్ధతి మార్చాను. పలకరింపు అయిన వెంటనే ఒక చిన్న అభిప్రాయం అడుగుతున్నాను.

మొదటిసారి కుదరలేదు. "ఇక్కడ మంచి టిఫిన్ ఎక్కడ దొరుకుతుంది సార్?" అన్నాను. "అన్నిచోట్లా బాగానే ఉంటాయి" అని ఆయన ఫోన్ చూసుకున్నారు. తర్వాత ఆలోచిస్తే తప్పు నా ప్రశ్నలోనే కనిపించింది. నాకేం ఇష్టమో ఆయనకు తెలియదు. ఒక పేరు చెప్పాక నాకు నచ్చకపోతే మాట ఆయన మీదికి వస్తుంది. అంత వెడల్పు ప్రశ్నకు ఎవరైనా ఇబ్బంది లేని జవాబే ఇస్తారు.

అదే వారం బెంచీ మీద తువ్వాలు అంచుతో కళ్లజోడు తుడుచుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. వయసు అరవై అయిదు ఉంటుంది. ఈసారి నిజంగా నాకున్న సందేహమే అడిగాను. "సార్, శనివారం మా అమ్మతో కొండకి నడిచి వెళ్లాలనుకుంటున్నా. అలిపిరి నుంచి పోవాలా, శ్రీవారి మెట్టు నుంచా? మీరైతే ఎటు తీసుకెళ్తారు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకుని, "అమ్మకి మోకాళ్ల నొప్పులుండాయా?" అని అడిగారు. ప్రశ్న పనిచేసిందని నాకు అక్కడే తెలిసింది. అవతలివాళ్లు తిరిగి మన గురించి ఒక వివరం అడిగారంటే, మన విషయం వాళ్లు మనసులోకి తీసుకున్నట్టే. కొంచెం ఉన్నాయన్నాను. అప్పుడు బెంచీ మీద వేలితో గీస్తూ చెప్పారు: శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల చిల్లరే, 2,388 మెట్లు, కానీ దారంతా నిటారుగా ఎక్కుడే. అలిపిరి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. అయినా గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా నడవొచ్చు, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే కష్టం. "నేనైతే అలిపిరే అంటా. నిదానంగా పోండి, తొందరేముండాది" అన్నారు. పన్నెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. అప్పటిదాకా నోటుబుక్కులో అదే ఎక్కువ.

రెండే దారులు చూపించాను, ఎవరి కోసమో చెప్పాను, "ఏది మంచిది" అనకుండా "మీరైతే" అన్నాను. మంచిదేదో తేల్చే బరువు ఆయన మీద పడలేదు, సొంత అనుభవం చెబితే సరిపోయింది.

అసలు పని సోమవారం జరిగింది. ఆయన కనబడగానే నేనే వెళ్లి చెప్పాను: అలిపిరి నుంచే వెళ్లాం, గాలిగోపురం దగ్గర అరగంట కూర్చున్నాం, మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం అమ్మ బాగా అలసిపోయింది. కష్టమైన సంగతి కూడా దాచలేదు. "అక్కడ అందరికీ అంతేలే" అంటూ పక్కకు జరిగి చోటిచ్చారు. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తనంటే పడని ఒక శాసనసభ సభ్యుణ్ని అరుదైన పుస్తకం అడిగి తెచ్చుకుని, వారంలో కృతజ్ఞతల చీటీతో తిరిగి పంపాడట, ఆ తర్వాత ఇద్దరూ స్నేహితులయ్యారట. ఈ కథ చెప్పేవాళ్లు అడగడం గురించే ఎక్కువ చెబుతారు. నాకైతే ఆ చీటీ కూడా అంతే ముఖ్యం అనిపిస్తుంది. సలహా తీసుకుని ఏమైందో చెప్పకపోతే, ఇచ్చినవాళ్లకు అది గాల్లో పోయిన మాట.

అయిదో వారం రెండు పొరపాట్లు చేశాను. ఒకరు డాక్టరని తెలిసి నా భుజం నొప్పి గురించి అడిగాను. ఆయన మర్యాదగానే "ఒకసారి క్లినిక్‌కి రండి" అన్నారు, మాట అక్కడే ఆగింది. బతుకుతెరువు పనిని ఉచితంగా అడిగినట్టయింది. అదే ఆయన్ను వాకింగ్ షూస్ గురించి అడిగి ఉంటే బాగుండేది. రెండోది, మామిడిపండ్లు కొనడానికి బేనీషానా, ఇమాం పసందా అని ఒక అక్కను అడిగాను. ఆమె బేనీషా అనగానే "కానీ ఇమాం పసంద్ రుచే వేరు కదక్కా" అన్నాను. ముందే తేల్చుకుని అడిగానని ఆమెకు అర్థమైపోయింది. మనసులో నిర్ణయం అయిపోయిన విషయం ఇక అడగకూడదని నోటుబుక్కులో రాసుకున్నాను.

ఈ వారం పెద్దాయనే ముందు పలకరించారు. మనవరాలు ఇంటర్‌లో చేరబోతోందట. "హాస్టల్లో పెట్టాలా, ఇంటి నుంచి పంపాలా, నువ్వేమంటావు నాయనా?" అని అడిగారు. ఇంటి నుంచి కాలేజీ ఎంత దూరమని ముందు అడిగాను. సోమవారం మళ్లీ ఆ మాట మాట్లాడుకోవాలి.