బావిలోంచి పైకి: నా గేమ్ మ్యాప్‌లో వెనక్కి నడక ఎలా మారింది

గండికోట అంచున నిలబడితే పెన్నా కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడికి చేరే దారి మాత్రం అంత తేలిగ్గా దొరకదు. నేను కడపలో మా ఇంట్లో ఒక్కడినే చేస్తున్న గేమ్‌కి ఆ దృశ్యమే మూలం. పైన కోట, కింద లోయ, లోయ చివర గుహ, మొత్తం 62 గదులు. కొన్ని దారులు మొదట్లో అందవు. గుహలో డబుల్ జంప్, అంటే గాల్లో ఉండగానే ఇంకోసారి ఎగిరే శక్తి దొరికాక వెనక్కి వచ్చి వాటిని దాటాలి. ఈ తరహా గేములకు ప్రాణం ఆ వెనక్కి రావడంలోనే ఉంటుంది. నా గేమ్‌లో చచ్చిపోయింది కూడా అక్కడే.

అది బయటపడింది మా పిన్ని కొడుకు ప్రొద్దుటూరు నుంచి సెలవులకు వచ్చినప్పుడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, గేములు బాగా ఆడతాడు. వాడి పక్కన కూర్చున్నాను కానీ నోరు మెదపలేదు. లోయలోని 14 గదులు దాటి గుహకు చేరడానికి వాడికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ ముందుకు వంగి కూర్చున్నాడు. డబుల్ జంప్ దొరకగానే నాలుగైదు సార్లు ఊరికే ఎగిరి చూసుకున్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "అన్నా, మళ్లీ యాడికి పోవల్ల?" అన్నాడు.

వచ్చిన దారినే కోటకు పోవాలి. అవే 14 గదులు, అవే శత్రువులు. నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. ఆ నడకలో వాడు పదకొండు సార్లు మ్యాప్ తెరిచాడు. వచ్చేటప్పుడు ప్రతి కుండా పగలగొట్టినవాడు పోయేటప్పుడు ఒక్కటీ ముట్టలేదు. విసుగును పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తులు నాకు తెలియవు. "బాగుంది" అని నోటితో ఎవరైనా అంటారు. కుండల్ని వదిలేశారా లేదా అన్నది చూడాలి.

ఆ రాత్రి గళ్ల కాగితం మీద మ్యాప్ మొత్తం మళ్లీ గీశాను. గదికో సున్నా, గదుల మధ్య గీత, గీత మీద దాన్ని దాటడానికి కావలసిన శక్తి పేరు. డబుల్ జంప్ దొరికే సున్నా మీద వేలు పెట్టి, ఆ శక్తి పనికొచ్చే మొదటి గీత దాకా లెక్కపెట్టాను. మధ్యలో పద్నాలుగు గదులు. అంటే చేతికి తాళంచెవి ఇచ్చి, తలుపు పక్క ఊళ్లో పెట్టాను.

1986లో వచ్చిన మెట్రాయిడ్ గేమ్ మొదటి నిమిషాన్ని అప్పుడు కొత్తగా చూశాను. అందులో కుడివైపు వెళ్తే కొద్దిసేపట్లోనే దూరలేనంత ఇరుకు సందు అడ్డొస్తుంది. వెనక్కి తిరిగి, మొదలైన చోటుకు ఎడమవైపు వెళ్తే బంతిలా చుట్టుకునే శక్తి దొరుకుతుంది. సందును ముందు చూశాం, దూరం కొద్దిగానే, చూసింది ఇంకా మనసులో ఉంది. అందుకే ఆ తిరుగుడు భారం అనిపించదు.

నా మ్యాప్‌కి మందు దిగుడుబావిలో దొరికింది. కోట మధ్యలో, ఆట మొదలైన రెండో గదిలోనే, ఇనుప కటకటాలు మూసిన దిగుడుబావి ఒకటి అలంకారంగా పెట్టి ఉంచాను. గుహ సరిగ్గా ఆ బావి కిందికి వస్తే చాలనిపించింది. కానీ నా లోయ నేరుగా తూర్పుకి సాగిపోతోంది, గుహ కోటకు ఎంతో దూరంలో పడింది. కాబట్టి ఎనిమిదో గది నుంచి దారిని కిందికి దించి, మళ్లీ పడమరకు మళ్లించాను. గదుల్ని తిరిగి అమర్చడానికే మూడు వారాలు పట్టింది. ఇప్పుడు శక్తి దొరికే గదికి బయటికి పోయే దారి ఒకటే, బావి గొంతు. మూడు గదుల ఎత్తు, ఒక్కో రాతి మెట్టుకీ డబుల్ జంప్ కావాలి. అంటే కొత్త శక్తిని మొదట వాడే చోటు అదే, నేర్చుకునే చోటూ అదే. పైకెక్కి మర తిప్పితే కటకటాలు తెరుచుకుంటాయి, ఆటగాడు కోట మధ్యలో తేలతాడు.

ఆ మెట్ల ఎత్తు దగ్గర ఇంకో తప్పు దొరికింది. నా గేమ్‌లో ఒక గడి 16 పిక్సెళ్లు. దూకే వేగం సెకనుకు 300 పిక్సెళ్లు, గురుత్వం 900.

```
h = v² / (2g) = 300² / (2 × 900) = 50
```

మామూలు దూకుడు 50 పిక్సెళ్లు, అంటే మూడు గడులకు కాస్త పైన. డబుల్ జంప్‌కు సరైన సమయంలో నొక్కితే దానికి రెట్టింపు. కోటలోని ధాన్యాగారం కిటికీని నేను నాలుగు గడుల ఎత్తులో, 64 పిక్సెళ్ల దగ్గర పెట్టాను. తక్కువైంది 14 పిక్సెళ్లే. అందుకే మావాడు మొదటిసారి దాని కింద చాలాసేపు ఎగురుతూనే ఉన్నాడు. తన చేతివాటం సరిపోవట్లేదనుకున్నాడు, దారి మూసి ఉందనుకోలేదు. మూసిన దారి మూసినట్టు కనిపించకపోతే ఆటగాడు అక్కడ ఓడిపోయాననుకుంటాడు, తర్వాత అక్కడికి తిరిగి రావాలనిపించదు. ఇప్పుడు అలాంటి ప్రతి అంచూ ఐదు గడులు. చూడగానే ఇప్పుడు కాదని తెలుస్తుంది. కిటికీ లోపల ఒక దీపం కూడా వెలిగించాను, లోపల ఏదో ఉందన్నది గుర్తుండిపోవడానికి.

ఐదు గడుల ఎత్తు పెట్టడంతో ఒక ప్రమాదం వచ్చింది. కోట నేలలో ధాన్యం దాచే పాతర ఉంది, దాని లోతు కూడా ఐదు గడులు చేశాను. దిగడానికి ఏ శక్తీ అక్కర్లేదు, ఎక్కడానికి కావాలి. మావాడు డబుల్ జంప్ లేకుండా అందులో పడ్డాడు. ఆట అక్కడే సేవ్ అయింది. ఇక బయటికి రాలేడు, మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అప్పటి నుంచి కాగితం మీద ప్రతి గీతనూ రెండు దిక్కుల్లోనూ చదువుతున్నాను. వెళ్లడానికి ఏం కావాలి, అదే చేతిలో ఉంటే తిరిగి రాగలడా? రాలేని చోటు 62 గదుల్లో మూడు దొరికాయి. పాతరలో ఒక పక్క గోడ కూలినట్టు చూపించి రెండు గడుల మెట్లు వేశాను. నిధిని అడుగు నుంచి తీసి పై అంచు మీదికి మార్చాను.

బావి కుదిరిన ఊపులో అలాంటి దగ్గరిదారులు తొమ్మిది పెట్టేశాను. అది పొరపాటు. దసరాకి వచ్చినప్పుడు మావాడు, "అన్నా, కోట చిన్నదైపోయిండాదే" అన్నాడు. ప్రతి చివరా మధ్యకే తెరుచుకుంటే దూరం అన్నదే మిగలదు, దూరం లేనిచోట చేరుకున్న సంతోషమూ ఉండదు. అందుకని ఐదు తీసేసి నాలుగే ఉంచాను.

లోయను మాత్రం వదులుకోలేకపోయాను. అంత కష్టపడి గీసిన గదుల్ని ఆటగాడు ఒక్కసారే చూడటం నాకు బాధ. తర్వాత డ్యాష్, అంటే ఒక్క ఊపున ముందుకు దూసుకుపోయే శక్తి దొరికాక ఆటగాడు మళ్లీ ఆ 14 గదుల్లోకి దిగుతాడు. ఈసారి ఆ గదులు వేరే రకంగా దాటేలా చేశాను. మొదటిసారి ముళ్ల మధ్య జాగ్రత్తగా కింద నడిచిన చోట, పైన ఏడు గడుల ఎడంతో రాతి అంచులు ఎప్పటి నుంచో కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు డబుల్ జంప్‌తో వాటి మీదికెక్కి, డ్యాష్‌తో ఒక దాని నుంచి ఇంకోదానికి పోవచ్చు. అప్పుడు యాభై సెకన్లు పట్టిన గది ఇప్పుడు పదిహేనులో అయిపోతుంది. ఆ గదుల్లో కొత్త శత్రువుల్ని పెట్టలేదు. తనెంత మారాడో ఆటగాడికి ఆ వేగంలోనే తెలియాలి.

సంక్రాంతికి మావాడు కొత్త మ్యాప్ ఆడాడు. బావి ఎక్కి మర తిప్పాడు. కటకటాలు తెరుచుకుని కోట కనిపించగానే చెయ్యి ఆపి, "ఇది ముందు చూసిన బావే కదన్నా!" అన్నాడు. ఆ తర్వాత మ్యాప్ తెరవకుండానే ఎడమకు తిరిగి దీపం వెలుగుతున్న కిటికీ వైపు పరిగెత్తాడు, దారిలో ఉన్న రెండు కుండలూ పగలగొడుతూ.